రెండవ పిలుపు

మనుబోలు మండలం శాసనసభ ఎన్నికల పటంలో సర్వేపల్లి నియోజకవర్గం కిందికి వస్తుంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన నోట నానే ఈ పేరుకు మరొక చరిత్ర ఉంది. మన నెల్లూరు సీమలోని ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా వెంట తీసుకువెళ్ళిన కుటుంబంలో, 1888 సెప్టెంబరు 5వ తేదీన, తిరుత్తణిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జన్మించారు. 1962లో ఆయన రాష్ట్రపతి పదవి చేపట్టినప్పుడు, శిష్యులూ మిత్రులూ వెళ్ళి పుట్టినరోజు వేడుక జరుపుతామని అడిగారు. తన ఒక్కడి పేరిట వద్దనీ, ఆ రోజును ఉపాధ్యాయులందరి రోజుగా జరిపితే సంతోషిస్తాననీ ఆయన చెప్పారు. నాటి నుండి సెప్టెంబరు 5 మన బడులలో గురువుల దినమయింది.

రాధాకృష్ణన్ గారిని ఆయన శిష్యులు గౌరవించిన తీరుకు ప్రసిద్ధమైన ఒక ఘట్టం ఉంది. 1921లో ఆయన మైసూరు మహారాజా కళాశాలను వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళుతున్నప్పుడు, విద్యార్థులు బండిని పూలతో అలంకరించి, గుర్రాలకు బదులు తామే దానిని లాగుతూ రైల్వే స్టేషను దాకా తీసుకువెళ్ళారు. గురువు పట్ల శిష్యుల ప్రేమ ఎంతటిదో ఆ దృశ్యం చెబుతుంది. అయితే ఆ గురువు తరగతిలో ఏమి చేశాడు, ఏ పాఠం ఏ విధంగా చెప్పాడు అన్నది మాత్రం ఆ దృశ్యం చెప్పదు. దానిని చెప్పగలిగేది శిష్యుని మాట ఒక్కటే.

అలాంటి మాట ఒకటి మన పాఠక సోదర సోదరీమణుల ముందు పెట్టాలని ఈ నెల శీర్షిక ఉద్దేశం. ఆ శిష్యుడు డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారు. ఆ గురువు రామేశ్వరం ప్రాథమిక పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించిన శివసుబ్రహ్మణ్య అయ్యర్ గారు. కలాం గారికి మన తీరం కొత్తది కాదు. ఆయన సారథ్యంలో రూపొందిన రాకెట్టు పైకి లేచింది పాత నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుండే. రాష్ట్రపతి అయిన తరువాత కూడా ఆయన పిల్లల ముందు నిలబడి పదే పదే స్మరించుకున్నది, తన అయిదవ తరగతి ఉపాధ్యాయుడినే.

ఆ స్మరణలో విశేషం ఒకటుంది. ఉపాధ్యాయ దినోత్సవం నాడు మన పిల్లలు చదివే ప్రసంగాలు వినండి. గురువు దీపం వంటివాడు, నిచ్చెన వంటివాడు, తల్లిదండ్రుల తరువాత అంతటివాడు అని ఉంటుంది. మాటలలో దోషం లేదు. కాని ఆ కాగితం మీద ఒక మాస్టారి పేరు కొట్టివేసి మరొక మాస్టారి పేరు రాస్తే, అందులో ఒక్క వాక్యమైనా మార్చవలసిన అవసరం రాదు. ఎవరికైనా సరిపోయే పొగడ్త నిజానికి ఎవరికీ చెందదు. కలాం గారి స్మరణలో అయ్యర్ గారి పేరు తీసివేసి మరొకరి పేరు పెట్టలేము. ఎందుకంటే ఆయన పొగడలేదు, జరిగినది చెప్పారు. ఆయన చెప్పిన సంగతులు ముఖ్యంగా రెండు. ఒకటి పక్షి ఎగరడం గురించిన పాఠం. రెండవది ఒక భోజనం.

ముందు ఆ బడి పరిస్థితి తెలియాలి. కలాం గారు 1931లో రామేశ్వరంలో పుట్టారు. తండ్రి జైనులాబ్దీన్ గారికి పడవ ఉండేది. మసీదు వీధిలో ఇల్లు. ఊరు మాత్రం ప్రఖ్యాత శివక్షేత్రం. బడిలో ఆయన పక్కన కూర్చునే స్నేహితుడు రామనాథ శాస్త్రి, ఆలయ ప్రధాన అర్చకులు పక్షి లక్ష్మణ శాస్త్రి గారి కుమారుడు. ఒకరి తలపై టోపీ, ఒకరి భుజంపై జంధ్యం. ఇద్దరూ మొదటి వరుసలో పక్కపక్కనే. అయిదవ తరగతిలో ఉండగా ఒక కొత్త ఉపాధ్యాయుడు వచ్చాడు. అర్చకుని కొడుకు పక్కన ముస్లిం బాలుడు కూర్చోవడం ఆయనకు రుచించలేదు. కలాంను లేపి వెనక బల్ల మీదకు పంపించాడు. స్నేహితులిద్దరికీ కళ్ళు చెమర్చాయి. బడి విడిచాక ఇద్దరూ ఇళ్ళలో చెప్పారు. లక్ష్మణ శాస్త్రి గారు ఆ ఉపాధ్యాయుణ్ణి పిలిపించి, పిల్లల ముందే మందలించారు. పసి మనసులలో విషం నాటవద్దనీ, క్షమాపణ చెప్పడమో ఊరు విడవడమో తేల్చుకొమ్మనీ గట్టిగా చెప్పారు. ఆ ఉపాధ్యాయుడు పశ్చాత్తాపపడ్డాడనీ, మారాడనీ కూడా కలాం గారు రాశారు.

ఆ ఉపాధ్యాయుని పేరు ఆయన రాయలేదు. అయ్యర్ గారి పేరును మాత్రం జీవితాంతం చెబుతూనే వచ్చారు. ఒకే బడిలో, దాదాపు ఒకే కాలంలో, ఒక ఉపాధ్యాయుడు పిల్లవాణ్ణి వెనక బల్లకు పంపాడు. మరొకాయన ఏం చేశారో ఇక చూద్దాం.

ఒకనాడు అయ్యర్ గారు పక్షి ఎలా ఎగురుతుందో చెప్పే పాఠం ఎత్తుకున్నారు. నల్లబల్ల మీద పక్షి బొమ్మ వేశారు. తల, దేహం, రెక్కలు, తోక గీసి చూపారు. రెక్కల కదలిక వల్ల పక్షి గాలిలోకి ఎలా లేస్తుందో, గాలి దానిని ఎలా నిలువరిస్తుందో, ఎగురుతూనే దిశ ఎలా మార్చుకుంటుందో, పది, ఇరవై, ముప్పై పక్షులు ఒక వరుసగా ఎలా సాగుతాయో వివరించారు. ఇంచుమించు 25 నిమిషాలు పట్టింది. చివరన అర్థమయిందా అని అడిగారు. తనకు అర్థం కాలేదని కలాం చెప్పాడు. మిగతావారిని అడిగితే, చాలామంది తమకూ అర్థం కాలేదన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తరగతి గదిలో అర్థమయిందా అన్న ప్రశ్న తరచుగా ప్రశ్న కాదు. పాఠం ముగిసిందని చెప్పే ఒక సంకేతం మాత్రమే. పిల్లలకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే అందరూ ఒక్క గొంతుతో అయిందండీ అంటారు. పదేళ్ళ పిల్లవాడు లేచి కాలేదు అని చెప్పగలిగాడంటే, అలా చెప్పినందుకు దండన గాని, ఎగతాళి గాని ఉండదన్న నమ్మకం అతనికి అంతకు ముందే కలిగి ఉండాలి. ఆ నమ్మకం ఆనాటి 25 నిమిషాలలో పుట్టినది కాదు. పాఠం విఫలమైనప్పుడు ఆ సంగతి ఉపాధ్యాయునికి తెలియడమే మొదటి మెట్టు. అది తెలియాలంటే పిల్లవాడు నిజం చెప్పగలగాలి.

అయ్యర్ గారు విసుక్కోలేదు. అదే మాటలను మరింత బిగ్గరగా మళ్ళీ చెప్పలేదు. సాయంత్రం అందరినీ సముద్రపు ఒడ్డుకు తీసుకువెళతానన్నారు, తీసుకువెళ్ళారు. అలలు ఇసుకను తాకుతున్నాయి. సముద్రపక్షులు పదేసి, ఇరవయ్యేసి బారులు తీరి ఎగురుతున్నాయి. ఆయన పిల్లలకు చూడవలసిన వాటిని ఒక వరుసలో చూపారు. ముందు రెక్కలు ఆడటం చూడమన్నారు. తరువాత తోకను చూడమన్నారు. రెక్కలు ఆడిస్తూ తోకను తిప్పినప్పుడు పక్షి ఎటు పోతుందో గమనించమన్నారు. పిల్లలు చూశారు, పక్షి తాను తలచిన దిక్కుకే తిరగడం గ్రహించారు. అప్పుడు ఆయన ఒక ప్రశ్న వేశారు: దీనికి ఇంజను ఎక్కడ ఉంది, దానికి శక్తి ఎక్కడి నుండి వస్తుంది? పక్షి ప్రాణమే దాని ఇంజను అనీ, తాను చేరదలచిన చోటు మీది కోరికే దానిని నడుపుతుందనీ బోధపరిచారు. ఇదంతా కేవలం 15 నిమిషాలలో జరిగింది. నల్లబల్ల దగ్గర 25 నిమిషాలలో అందనిది ఒడ్డున 15 నిమిషాలలో అందింది.

ఎందుకు అందింది? సముద్రం అందంగా ఉండటం వల్ల కాదు. నల్లబల్ల మీది పక్షి కదలదు. ఎగరడం అనేది పూర్తిగా కదలికకు సంబంధించిన విషయం. బొమ్మలో రెక్క ఒక గీత. కిందికి కొట్టేటప్పుడు అది విచ్చుకుంటుందనీ, పైకి ఎత్తేటప్పుడు కొంత ముడుచుకుంటుందనీ గీత చెప్పలేదు. పూర్తిగా విచ్చుకున్న రెక్క కిందికి వచ్చినప్పుడు గాలిని కిందికీ వెనక్కీ నెడుతుంది. ఆ నెట్టుడుకు ప్రతిగా పక్షి పైకీ ముందుకూ పోతుంది. పైకి ఎత్తేటప్పుడు కూడా రెక్కను అంతే వెడల్పుగా చాచి ఉంచితే, సంపాదించిన ఎత్తులో కొంత పోతుంది. అందుకే రెక్కను ముడుచుకుంటుంది. ఈ రెండు కదలికల తేడాను కంటితో చూసినవానికి పాఠంలో సగం వచ్చినట్లే.

ఇది చూడటానికి రామేశ్వరం దాకా పోనక్కరలేదు. మనుబోలు చుట్టుపక్కల పొలాలలో నాట్లప్పుడు దిగే తెల్ల కొంగను చూడండి. మెడను మడిచి, కాళ్ళు వెనక్కి చాచి, నిదానంగా రెక్కలు ఆడిస్తుంది. నిదానం కనుక రెక్క విచ్చుకోవడం, ముడుచుకోవడం పిల్లల కంటికి కూడా స్పష్టంగా దొరుకుతాయి. పిచ్చుకలో అది దొరకదు. దాని రెక్క మరీ వేగం. ఇక తోక పని చూడాలంటే గద్దను మించినది లేదు. దాని తోక కొసన చీలి ఉంటుంది. రెక్కలు దాదాపు కదపకుండా గాలిలో తేలుతూ, తోకను ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మెలిపెడుతుంది. ఆ మెలికతో పాటే దేహం ఒక పక్కకు ఒరుగుతుంది, దారి మారుతుంది. మలుపులో అధిక భాగం ఈ ఒరగడం వల్లనే వస్తుంది. తోక దానిని సరిదిద్దుతుంది. వాలేటప్పుడు అదే తోకను విసనకర్రలా విప్పి వేగం తగ్గించుకుంటుంది.

వరుసగా ఎగరడం సంగతి కూడా మన వైపే చూడవచ్చు. చలికాలంలో గూడూరు దాటి చెన్నై వైపు పోతే నేలపట్టు చెరువు వద్ద గూడబాతులు, పులికాట్ సరస్సు మీద ఫ్లెమింగోలు కనిపిస్తాయి. గూడబాతులు ఒకదాని వెనక ఒకటి బారుగా సాగుతుంటాయి. పక్షి రెక్క కిందికి కొట్టినప్పుడు, రెక్క కొసను దాటిన చోట కొంత గాలి పైకి లేస్తుంది. వెనక వచ్చే పక్షి కాస్త పక్కకు జరిగి ఆ లేచే గాలిలో తన రెక్కను ఉంచుకుంటే దానికి శ్రమ తగ్గుతుంది. అందుకే పెద్ద పక్షుల బారు ఏటవాలు గీతగా గాని, బాణపు మొనలా గాని ఏర్పడుతుంది. ఈ సాయం అన్నిటికన్నా ముందు ఎగిరే పక్షికి దొరకదు.

ఆ సాయంత్రం తనకు తెలిసినది కేవలం పక్షి సంగతి కాదనీ, ఆ ఎగరడం తన లోపలికి ప్రవేశించిందనీ కలాం గారు చెప్పుకున్నారు. ఇటువంటి మాట ఎవరైనా చెప్పగలరు. ఆయన అక్కడితో ఆగలేదు, తరువాత జరిగినది కూడా చెప్పారు. కొద్ది రోజులకు ఒక సాయంకాలం తరగతులయ్యాక ఆ బాలుడు అయ్యర్ గారి దగ్గరకు వెళ్ళి, ఎగరడానికి సంబంధించిన చదువు చదవాలంటే ఏం చేయాలని అడిగాడు. అయ్యర్ గారు ఓపికగా మెట్లు లెక్కపెట్టి చెప్పారు: ముందు 8వ తరగతి పూర్తి చేయాలి, తరువాత హైస్కూలు, ఆ తరువాత ఇంజనీరింగు కళాశాల, అక్కడ ఈ చదువు దొరకవచ్చు. పడవ నడిపే ఇంటి పిల్లవానికి, ఆ ద్వీపంలో, ఈ దారిపటం ఇచ్చేవారు మరొకరు సులభంగా దొరకరు. గొప్పవాడివి అవుతావని దీవించడం వేరు. రేపు ఏ తరగతిలో చేరాలో చెప్పడం వేరు. కలాం గారు ఆ వరుసలోనే రామనాథపురంలోని ష్వార్ట్జ్ హైస్కూలుకు, తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కళాశాలకు, ఆపైన మద్రాసులో విమాన ఇంజనీరింగు చదువుకు వెళ్ళారు.

ఇక రెండవ సంగతి. ఒకనాడు అయ్యర్ గారు కలాంను తమ ఇంటికి భోజనానికి పిలిచారు. ఆయన ఆచారపరుడైన బ్రాహ్మణుడు. ఆయన భార్య మరింత ఆచారవంతురాలు. మడి పాటించే వంటింట్లో ముస్లిం బాలుడు భోజనం చేయడమన్న ఆలోచనకే ఆమె కలవరపడ్డారు. వడ్డించనని చెప్పారు. అయ్యర్ గారు ఆమెపై కోపగించలేదు, పిల్లవాణ్ణి తిప్పి పంపనూ లేదు. తానే స్వయంగా వడ్డించి, తానూ పక్కనే కూర్చుని భోజనం చేశారు. ఆమె వంటింటి తలుపు వెనక నుండి చూస్తూ ఉన్నారు. తాను అన్నం తినే తీరులో, నీళ్ళు తాగే తీరులో, తిన్న చోటు శుభ్రం చేసే తీరులో ఆమెకు ఏమైనా తేడా కనిపించిందా అని ఆ బాలుడు ఆలోచిస్తూ కూర్చున్నాడు.

పసివాడు ఒక ఇంట అన్నం తింటూ తన చేతి వేళ్ళను తానే పరీక్షించుకోవలసి రావడం ఎటువంటిదో, అద్దె ఇంటి కోసం వీధులు తిరిగిన మన కుటుంబాలకు చెప్పనక్కరలేదు. కలాం గారు దానిని ఫిర్యాదుగా రాయలేదు. ఆ తల్లిని నిందించలేదు. ఆమె తలుపు వెనక నిలబడి చూసిన సంగతిని మాత్రం దాచలేదు. అలా దాచకపోవడం వల్లనే తరువాతి ఘట్టానికి బరువు వచ్చింది.

బాలుడు సెలవు తీసుకుంటుండగా అయ్యర్ గారు వచ్చే వారం కూడా భోజనానికి రమ్మన్నారు. అతడు తటపటాయించాడు. గురువు అది గమనించి, బాధపడవద్దనీ, ఉన్న పద్ధతిని మార్చాలని నిశ్చయించుకున్నవారికి ఇటువంటి ఇబ్బందులు ఎదురవుతాయనీ, వాటిని ఎదుర్కోవలసిందేననీ చెప్పారు. మరుసటి వారం అతడు వెళ్ళాడు. ఈసారి ఆమె స్వయంగా అతణ్ణి వంటింటి లోపలికి తీసుకువెళ్ళి, తన చేతులతో వడ్డించారు.

ఈ కథను చెప్పేవారు సాధారణంగా మొదటి భోజనాన్నే గొప్పగా చెబుతారు. అయ్యర్ గారు అందరిముందూ కట్టుబాటును కాదని పక్కన కూర్చున్న దృశ్యం అది. చూడటానికి ధైర్యం దానిలోనే కనిపిస్తుంది. కాని ఆ ఒక్క భోజనంతో ఆగిపోయి ఉంటే ఏమి మిగిలేది? ఇంటి ఇల్లాలికి ఒక అవమానం, పిల్లవానికి ఒక చేదు జ్ఞాపకం, పెద్దమనిషికి ఒక తృప్తి. మార్పు తెచ్చినది రెండవ పిలుపు. మొదటిసారి కాదన్న మనిషికి ఆలోచించుకునేందుకు ఒక వారం గడువు ఇచ్చి, అదే అతిథిని మళ్ళీ పిలవడంలో ఇద్దరి మీదా నమ్మకం ఉంది: పిల్లవాడు మళ్ళీ వస్తాడని, భార్య మారగలదని.

పక్షి పాఠంలోనూ జరిగినది ఇదే. మొదటి పాఠం విఫలమయింది. ఆయన పిల్లలది లోపం అనుకోలేదు, పాఠాన్ని వదిలివేయనూ లేదు. సాయంత్రం మళ్ళీ పిలిచారు, మరొక చోటికి పిలిచారు. నల్లబల్ల దగ్గర అందనిదాన్ని ఒడ్డు మీద చూపారు. మాటతో ఒప్పించలేని దానిని పక్కన కూర్చుని తిని చూపారు. శిష్యుడు విడివిడిగా చెప్పిన ఈ రెండు సంగతులను పక్కపక్కన పెడితే ఆ మాస్టారి బోధనా పద్ధతి మొత్తం అందులో దొరుకుతుంది.

మన తీరానికి సంబంధించిన ఒక ఘట్టాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవడం అసందర్భం కాదు. కలాం గారు ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టును 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ప్రయోగించారు. నాలుగు దశల ఆ వాహనంలో మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశను అదుపులో ఉంచే వ్యవస్థలోని ఆమ్లం కారిపోవడంతో అది గతి తప్పి, అయిదు నిమిషాలకు కొంచెం పైగా ఎగిరి బంగాళాఖాతంలో పడిపోయింది. ఆనాడు విలేఖరుల ఎదుట వైఫల్యానికి బాధ్యత వహించినది అంతరిక్ష పరిశోధన సంస్థ అధ్యక్షులు సతీశ్ ధావన్ గారు. తన బృందం మీద నమ్మకం ఉందని చెప్పి, వారికే మళ్ళీ పని అప్పగించారు. 1980 జూలై 18 ఉదయం అదే నేల నుండి రెండవ వాహనం లేచి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆ రోజు విలేఖరుల ముందుకు వెళ్ళి మాట్లాడమని ధావన్ గారు కలాం గారిని పంపారు. అయ్యర్ గారి పాఠమే రాకెట్టును లేపిందనడం అతిశయోక్తి అవుతుంది. దాని వెనక వేల మంది పని ఉంది. అయితే మొదటిసారి ఓడినవాణ్ణి రెండవసారి పిలిచే పెద్దలు ఆయనకు బాల్యంలోనూ దొరికారు, మన ఒడ్డునా దొరికారు. ఆయన ఇద్దరినీ పేరు పెట్టి తలచుకున్నారు.

మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞత తెలిపినవాడు కాడన్న భావం గల దైవప్రవక్త (స) ప్రవచనం మన ఇళ్ళలో తరచుగా వినిపించేదే. ఆ కృతజ్ఞతకు నిజమైన రూపం ఇవ్వాలంటే చేసిన మేలును గుర్తుపట్టాలి; గుర్తుపట్టాలంటే దానిని వివరంగా చెప్పగలగాలి. కనుక ఈ సెప్టెంబరులో ఇంట్లో పిల్లలు మాస్టారి గురించి ప్రసంగం రాసుకుంటుంటే, తల్లిదండ్రులు వారిని మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఆ మాస్టారు చెప్పిన ఒక పాఠం పేరేమిటి? అది మొదట నీకు ఎక్కడ అర్థం కాలేదు? అర్థం కావడానికి ఆయన ఏం చేశారు? ఈ మూడింటికి జవాబులు రాస్తే ఒక పేజీ నిండుతుంది. అందులో మాస్టారి పేరు మార్చి మరొకరి పేరు పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ కాగితం వేదిక మీద చదివిన తరువాత మాస్టారి చేతికే ఇవ్వాలి; తాను చెప్పిన వేల పాఠాలలో ఏది పిల్లవానిలో నిలిచిందో ఆయనకు తెలిసే మార్గం మరొకటి లేదు.

పెద్దవారు కూడా ఈ మూడు ప్రశ్నలు తమను తాము వేసుకోవచ్చు. బడి విడిచి ముప్పై, నలభై ఏళ్ళు గడిచినవారికి మొదట గుర్తుకు వచ్చేది మాస్టారి గొంతు, బెత్తం, సైకిలు. ఇంకొంచెం ఆగితే ఒక లెక్కో, ఒక పద్యమో, ఒక ప్రయోగమో గుర్తుకు వస్తుంది. అది గుర్తుకు వచ్చిన రోజున, ఆ మాస్టారు జీవించి ఉంటే వెళ్ళి చెప్పడం మంచిది. శాలువా కన్నా ఆ ఒక్క వాక్యం ఆయనకు ఎక్కువ కాలం ఉంటుంది. ఆయన లేకపోతే, కలాం గారు చేసినట్లు పిల్లలకు చెప్పవచ్చు. కలాం గారి ఆత్మకథకు వాడ్రేవు చినవీరభద్రుడు గారి తెలుగు అనువాదం ‘ఒక విజేత ఆత్మకథ’ పేరుతో దొరుకుతుంది. టోపీ సంగతి, భోజనం సంగతి దాని తొలి పుటలలోనే ఉన్నాయి. ఇంట్లో ఒకరు చదువుతుంటే మిగతావారు వినడానికి అనువైన పుటలు అవి.

కలాం గారు 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థుల ముందు ప్రసంగిస్తూనే కుప్పకూలి తనువు చాలించారు. అప్పటికి ఆయన వయస్సు 83 సంవత్సరాలు. రాష్ట్రపతి పదవి విడిచిన తరువాత ఎనిమిదేళ్ళూ ఆయన తరగతి గదులలోనే ఎక్కువగా గడిపారు. అక్కడ కూర్చున్న పిల్లలలో ఎందరో ఆయన నోటి నుండి శివసుబ్రహ్మణ్య అయ్యర్ అనే పేరు విన్నారు.

ఆ కథలో పేరు లేకుండా ఉండిపోయిన వ్యక్తి ఒకరున్నారు. ఆమె అయ్యర్ గారి భార్య. మొదటి వారం తలుపు వెనక నిలిచినదీ, రెండవ వారం తలుపు తీసినదీ ఆమే. పుట్టిననాటి నుండి పాటించిన మడిని ఏడు రోజులలో పక్కన పెట్టడం, ఎప్పుడూ పాటించనివాడు దానిని కాదనడం వంటిది కాదు. అయ్యర్ గారు ఆ వారంలో కొత్తగా ఏ ఉపన్యాసం ఇచ్చారని గాని, ఎవరిని శాసించారని గాని కలాం గారు రాయలేదు. పిలిచారు, మళ్ళీ పిలిచారు, అంతే రాశారు. ఆ ఇంట్లో ఆ బాలునితో పాటు మరొకరు కూడా ఆయన దగ్గర పాఠం నేర్చుకున్నారు.